హెడ్‌ఫోన్స్‌లో మోగిన బేస్ కారెక్కగానే ఏమైపోతుంది?

మేడ మీద చిన్న గది, ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఒక జత హెడ్‌ఫోన్స్. యూట్యూబ్ కోసం జానపద పాటలు తయారుచేసే తెలంగాణ కుర్రాళ్లలో చాలామందికి స్టూడియో అంటే ఇదే. డప్పు, వేణువు, ఒక ఆడగొంతు, వెనకాల వంత పాడే గుంపు, వీటన్నిటి కింద కీబోర్డులో వాయించిన బరువైన బేస్. అర్ధరాత్రి దాకా కూర్చుని మిక్స్ చేస్తే పాట హెడ్‌ఫోన్స్‌లో గుండెల మీద కొట్టినట్టు వినిపిస్తుంది. తెల్లారి అదే ఫైలును స్నేహితుడి కారులో పెడితే డప్పు చప్పుడు మాత్రం చురుగ్గా తగులుతుంది. బేస్ ఉండదు. వంత పాట ఎక్కడో దూరంగా, డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది. పల్లవిలో సగం మాటలు అర్థం కావు. దాని తర్వాత వచ్చే సినిమా పాట మాత్రం అదే కారులో నిండుగా మోగుతుంది.

కాబట్టి తప్పు కారు మీదికి నెట్టడం కుదరదు. అలాగని హెడ్‌ఫోన్స్ పాడైపోయిందీ లేదు. హెడ్‌ఫోన్స్ దాచిపెట్టిన మూడు లోపాలను కారు బయటపెట్టింది, అంతే. ఈ పాటనే ముందు పెట్టుకుని బేస్, వంత పాట, పల్లవి అనే మూడు చోట్లా ఏం జరిగిందో చూస్తే మిగతా పాటల సంగతీ తేలిపోతుంది.

ముందుగా బేస్. ఇలాంటి పాటల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది 808 బేస్. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్ కిక్ శబ్దం నుంచి పుట్టినది. దాని గుణమేమిటంటే అది దాదాపు శుద్ధమైన ఒకే ఒక్క కంపనం. మన పాటలో ఆ బేస్ దిగువ ‘ఈ’ స్వరం మీద నిలిచిందనుకుంటే, అది సెకనుకు 41 సార్లు ఊగుతుంది, అంటే 41 హెర్ట్జ్. దానిపైన వేరే పౌనఃపున్యాలు పెద్దగా ఉండవు.

చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌కు 41 హెర్ట్జ్ ఏమంత కష్టం కాదు. కప్పుకీ చెవికీ మధ్య చిక్కుకున్న గాలి గుప్పెడంత కూడా ఉండదు. ఆ కాస్త గాలిలో ఒత్తిడి పెంచడానికీ తగ్గించడానికీ డయాఫ్రమ్ కొద్దిగా కదిలితే చాలు. ఇది ఎవరైనా పరీక్షించుకోవచ్చు. బేస్ మోగుతుండగా ఒక కప్పును వేలితో అర సెంటీమీటరు ఎత్తి చూడండి. పాట అలాగే ఉంటుంది, బేస్ మాత్రం ఒక్కసారిగా పలచబడుతుంది. కళ్లద్దాల కాడ దగ్గర సందు పడినా ఇంతే జరుగుతుంది. అంటే హెడ్‌ఫోన్స్‌లో వినిపించే ఆ బరువంతా ఆ మూత పుణ్యమే.

కారులో పరిస్థితి వేరు. కంపెనీ నుంచి వచ్చే మామూలు కారులో తలుపుల్లో ఆరు, ఆరున్నర అంగుళాల స్పీకర్లుంటాయి. అవి కదిలించాల్సింది క్యాబిన్ మొత్తం గాలిని. పైగా ఒకే స్థాయిలో శబ్దం పుట్టాలంటే పౌనఃపున్యం సగానికి తగ్గిన ప్రతిసారీ స్పీకర్ కోన్ నాలుగింతలు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. 82 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలిన కోన్ 41 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలన్నమాట. చిన్న స్పీకర్‌కు అంత సత్తువ ఉండదు. తలుపు రేకు కూడా గాలి చొరబడని డబ్బా కాదు. మూసి ఉన్న చిన్న క్యాబిన్ బాగా దిగువ శబ్దాలకు కొంత ఊతమిస్తుంది నిజమే, కానీ స్పీకర్ పుట్టించలేని దానికి క్యాబిన్ ఇవ్వగలిగే ఊతం తక్కువే. దాంతో 41 హెర్ట్జ్ స్వరం మీదే నడిచిన మన బేస్ లైను మొత్తం కారు తలుపు దగ్గరే ఆగిపోతుంది. అదే చోట డప్పు నెగ్గుకొస్తుంది. చిటికెన పుల్ల తోలు మీద పడ్డప్పుడు పుట్టే ‘టప్’ మధ్య, పై పౌనఃపున్యాలలో ఉంటుంది, ఎంత చిన్న స్పీకరైనా దాన్ని పలికిస్తుంది. బేస్ పోయి డప్పు మిగలడంతో పాట మొత్తం పలచగా, గరుకుగా తోస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు వెంటనే చేసే పని ఈక్వలైజర్‌లో 40 హెర్ట్జ్ దగ్గర ఆరు డెసిబెల్స్ పెంచడం. దీనివల్ల లాభం లేకపోగా నష్టం ఉంది. చిన్న స్పీకర్ ఆ పెంపును వినిపించలేదు, బరబరలాడుతుంది. పైగా మాస్టర్ మీద పెట్టిన లిమిటర్ ఈ కనపడని బరువును చూసి బేస్ వచ్చిన ప్రతిసారీ పాటనంతా కిందికి నొక్కేస్తుంది. డిక్కీలో సబ్‌వూఫర్ ఉన్న కారులో పెడితే అదే బేస్ అద్దాలు అదిరేలా మోగి పాటను మింగేస్తుంది.

సరైన దారి 41ని పెంచడం కాదు, దాని పై మెట్లను పుట్టించడం. తంబూరా తీగ మీటితే మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలు కూడా పలుకుతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. 41కి అవి 82, 123, 164. మన వినికిడిలో ఒక విచిత్రం ఏమిటంటే, ఈ పై మెట్లు సరిగ్గా వినిపిస్తే కింది మూల స్వరం లేకపోయినా మెదడు దాన్ని తానే పూరించుకుంటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు 300 హెర్ట్జ్ కంటే దిగువనున్న శబ్దాన్ని దాదాపు పంపేవే కావు. మగవాళ్ల గొంతు మూల స్వరం సాధారణంగా 100, 150 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అయినా ఫోన్‌లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినిపించింది కదా. కారణం ఇదే.

పనిలో ఇది ఇలా సాగుతుంది. 808 ట్రాక్‌కు ఒక నకలు తీస్తారు. అసలు ట్రాక్‌ను ముట్టుకోరు. నకలు మీద శాచురేషన్ ప్లగిన్ పెట్టి శబ్దం కాస్త గరగరమనేదాకా నెడతారు, హార్మోనిక్స్ పుట్టేది ఈ గరగరలోనే. తర్వాత దాంట్లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తారు, అక్కడి బరువు అసలు ట్రాక్ మోస్తుంది. బాగా పైన ఉండే చిరచిరను కూడా కొంత తగ్గిస్తారు. ఇప్పుడు నకలు ఫేడర్‌ను పూర్తిగా దించి మెల్లమెల్లగా పైకి తెస్తారు. ఎంతవరకు తేవాలో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మాస్టర్ మీద తాత్కాలికంగా 80 హెర్ట్జ్ లో-కట్ పెట్టి వినాలి. ఆ స్థితిలో కూడా బేస్ ఏ స్వరం నుంచి ఏ స్వరానికి కదులుతోందో పట్టుకోగలిగితే కారులోనూ పట్టుకోగలుగుతారు. తర్వాత ఆ లో-కట్ తీసేయాలి. ఫేడర్ మితిమీరితే హెడ్‌ఫోన్స్‌లో బేస్ బొంగురుపోతుంది, అప్పుడు ఒక డెసిబెల్ వెనక్కి రావడమే. ఇంతా చేసినా చాలకపోతే ఒకటే మార్గం, ఆ బేస్ లైనును ఒక స్థాయి పైకి జరిపి వాయించడం. చాలాసార్లు అసలు మొదట చేయాల్సిన పని అదే.

రెండోది వంత పాట, నిజానికి హెడ్‌ఫోన్స్ ఎక్కువగా మోసం చేసేది ఇక్కడే. గదిలో పాడటానికి ఒక్కడే ఉన్నాడు. అతని గొంతును రికార్డు చేసి, నకలు తీసి, ఒకటి పూర్తిగా ఎడమకు, రెండోది పూర్తిగా కుడికి పెట్టి, రెండోదాన్ని 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేశారు. హెడ్‌ఫోన్స్‌లో అద్భుతంగా ఉంటుంది. గుంపు చుట్టూ నిలబడి పాడుతున్నట్టే తోస్తుంది. ఎడమ చెవికి ఎడమది, కుడి చెవికి కుడిది మాత్రమే చేరుతుంది కాబట్టి ఆ రెండు శబ్దాలూ ఎక్కడా కలవవు.

కారులో కలుస్తాయి. రెండు వైపుల స్పీకర్ల శబ్దమూ రెండు చెవులకూ వస్తుంది, గాలిలోనే ఒకదానితో ఒకటి తగులుకుంటుంది. 50 హెర్ట్జ్ తరంగం ఒకసారి పూర్తిగా ఊగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే సరిగ్గా సగం ఊపు. ఒకటి పైకి లేచేసరికి రెండోది కిందికి దిగుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. లెక్క ప్రకారం 150, 250, 350, ఇలా ప్రతి వంద హెర్ట్జ్‌కూ ఒకచోట ఇదే జరుగుతుంది, మధ్యలో 100, 200, 300 దగ్గర రెట్టింపవుతుంది. గొంతుకు నిండుదనం ఇచ్చే ప్రాంతమంతా ఇలా గుంటలు పడిపోతే మిగిలేది ఆ డబ్బా శబ్దమే. కారులో అద్దాలు, సీట్లు శబ్దాన్ని అటూ ఇటూ చిమ్ముతాయి కాబట్టి ఈ గుంటలు పూర్తి లోతుకు పోవు. ఒక్క స్పీకరున్న బ్లూటూత్ డబ్బాలో, అంటే ఎడమ కుడి రెండూ ముందే కలిపేసే చోట మాత్రం పూర్తిగా పడతాయి.

దీనికి తోడు డ్రైవర్ కూర్చునే చోటు. మన దేశంలో అతను కుడి స్పీకర్‌కు దగ్గర, ఎడమదానికి దూరం. రెండు దూరాలకూ అర మీటరు తేడా ఉంటే ఎడమ శబ్దం దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. ముందు చేరిన వైపే శబ్దం పుట్టిందని మెదడు తీర్మానించుకుంటుంది. అందుకే నట్టనడుమ పెట్టిన గొంతు కూడా కుడి తలుపు వైపు జరిగినట్టుంటుంది, పూర్తిగా ఎడమకు తోసిన వేణువు జవాబు డ్రైవర్‌కు సన్నగా అందుతుంది. పాటకు ప్రాణమైన దేన్నీ పూర్తిగా ఒక పక్కకు తోయకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. మసకగా నింపే శబ్దాలకు ఆ చివరలు వదిలేసి, గొంతుకు బదులు పలికే వాద్యాన్ని సగం దూరంలోనే ఆపితే ఏ సీటులో కూర్చున్నా అందుతుంది.

ఈ లోపాన్ని కనిపెట్టడానికి కారు దాకా పోనక్కర్లేదు. ప్రతి మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ మోనో బటన్ గానీ, ఆ పని చేసే ఉచిత ప్లగిన్ గానీ ఉంటుంది. పాట నడుస్తుండగా దాన్ని నొక్కి వదులుతూ ఉండాలి. మోనోలో వెడల్పు పోవడం సహజం, పక్కలకు పరిచిన వాద్యాలు మధ్యలో ఉన్న వాటికంటే కాస్త తగ్గడం కూడా సహజమే. అలా కాకుండా ఏదైనా శబ్దం రంగు మారినా, పూర్తిగా మాయమైనా అది జబ్బు. మన పాటలో మోనో నొక్కగానే వంత పాట ముక్కుతో పాడినట్టు మారింది. కీబోర్డు ప్యాడ్ ఒకటి ఏకంగా కనపడకుండా పోయింది. దాని మీద శబ్దాన్ని వెడల్పు చేసే ప్లగిన్ ఒకటుంది. అది ఒక పక్క తరంగాన్ని తలకిందులు చేసి వెడల్పు భ్రమ పుట్టిస్తోంది. రెండు పక్కలూ కలిస్తే సున్నా.

ప్యాడ్ మీద ఆ ప్లగిన్ తీసేస్తే సరిపోతుంది. వంత పాటకు మాత్రం దొడ్డిదారి లేదు, ఆ కుర్రాణ్ణి మళ్లీ మైకు ముందు నిలబెట్టి అదే వరుసను ఇంకో రెండుసార్లు పాడించాలి. ఒకే మనిషి ఒకే లైను రెండోసారి పాడినా ఊపిరి, శృతి, కాలం రవ్వంత మారుతూనే ఉంటాయి. ఆ తేడాలు ఒక పద్ధతిలో ఉండవు కాబట్టి ఒకదాన్నొకటి చెరుపుకోవు. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, నడుమ సన్నగా మూడోది పెడితే మోనోలోనూ గుంపు గుంపుగానే ఉంటుంది. పనిలో పనిగా 120 హెర్ట్జ్ కింద ఉన్న బేస్‌ను పూర్తిగా మోనో చేసేయడం మంచిది. చాలా కీబోర్డు ప్రీసెట్లు బేస్‌ను కూడా రెండు పక్కలా వెడల్పుగా పరుస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో అది విలాసంగా ఉంటుంది, కారులో ఎడమ కుడి బేసులు ఒకదాన్నొకటి తినేస్తాయి.

చిన్న స్పీకర్ మీద తప్పులు వెతకడం ఈనాటి పద్ధతి కాదు. 1959లో అమెరికాలో కార్ల నగరమైన డెట్రాయిట్‌లో మొదలైన మోటౌన్ రికార్డు కంపెనీ, పాటను జనం కారు రేడియోలో వింటారని గట్టిగా నమ్మి, ఆ రేడియో శబ్దాన్ని పోలిన చిన్న స్పీకర్‌ను స్టూడియోలోనే పెట్టుకుని మిక్స్‌లు సరిచూసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ పనిని ఆరాటోన్ అనే కంపెనీ చేసిన చిన్న చదరపు డబ్బా స్పీకర్లు తీసుకున్నాయి. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌ను మిక్స్ చేసిన బ్రూస్ స్వెడీన్ వాటిని ఎంతగానో నమ్ముకున్న ఇంజినీర్. వాటిలో లోతైన బేసూ లేదు, మెరిసే ట్రెబులూ లేదు. గొంతు ఎంత, డప్పు ఎంత, వేణువు ఎంత అన్న మధ్య భాగం లెక్క మాత్రం దాపరికం లేకుండా బయటపడుతుంది. ఇంట్లో అలాంటిది లేనివాళ్లకు ఒక్క స్పీకరున్న చవక బ్లూటూత్ డబ్బా ఆ పని చాలావరకు చేస్తుంది.

మూడో లోపం కారు కదిలితే గానీ బయటపడదు. హైవే మీద అద్దాలు ఎత్తిన కారులో కూడా టైర్లు, గాలి, ఇంజిన్ కలిసి 65 నుంచి 70 డెసిబెల్స్ దాకా రొద చేస్తాయి. మనుషులు దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడుకునే స్థాయి కూడా దాదాపు అంతే. ఆ రొదలో ఎక్కువ భాగం దిగువ పౌనఃపున్యాలే. దిగువ శబ్దం తనతో సమానమైన బేస్‌ను కప్పేయడమే కాక, తన పైనున్న శబ్దాలను కూడా కొంత మూసేస్తుంది. నిశ్శబ్దమైన గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి గాయని మాట చివర ఊపిరి కూడా వినిపిస్తుంది. అందుకే గొంతును తక్కువ పెట్టినా సరిపోయిందనుకుంటాడు. మన పాటలో పల్లవి మెల్లగా మొదలవుతుంది, ప్రతి పాదం చివర గొంతు దిగిపోతుంది. హైవే మీద ఆ చివరి అక్షరాలన్నీ రొదలో కలిసిపోయాయి. వినేవాడు వాల్యూమ్ పెంచాడు, డప్పు అందుకోగానే ఉలిక్కిపడి తగ్గించాడు.

గదిలో కూర్చునే ఈ రొదను తెచ్చుకోవచ్చు. బ్రౌన్ నాయిస్ అనేది జలపాతం హోరును పోలిన, దిగువ బరువు ఎక్కువగా ఉన్న శబ్దం. దాని ఫైలు ఒకటి సెషన్‌లో కొత్త ట్రాక్‌గా పెట్టి, డప్పుతో నిండిన భాగం హాయిగా వినిపిస్తూనే ఉండేంతవరకు పెంచాలి. ఇప్పుడు పాట మొదటి నుంచి వింటూ ఏ పాదంలో ఏ మాట మునుగుతోందో రాసుకోవాలి. మునిగిన చోటల్లా గొంతు వాల్యూమ్ గీతను చేత్తో ఒక డెసిబెల్, రెండు డెసిబెల్స్ పైకి లాగాలి. కంప్రెసర్‌నే గట్టిగా నొక్కి పని కానిచ్చేద్దామనిపిస్తుంది గానీ, అలా చేస్తే గొంతులోని ఎత్తుపల్లాలు చదునైపోయి జానపదం పలుకుబడే పోతుంది. ముందు చేత్తో సరిచేసి, ఆపైన కంప్రెసర్‌ను తేలిగ్గా వాడితే గొంతు రొద మీద తేలుతుంది, మనిషి గొంతుగానూ మిగులుతుంది. ఎగుమతి చేసేముందు ఆ నాయిస్ ట్రాక్‌ను మ్యూట్ చేయడం మర్చిపోకూడదు.

వాల్యూమ్ గురించి ఇక్కడే ఒక మాట. శబ్ద తీవ్రత తగ్గేకొద్దీ చెవికి బేస్ మిగతావాటికంటే వేగంగా తగ్గిపోతుందని 1933లోనే బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపించారు. హెడ్‌ఫోన్స్‌లో గట్టిగా పెట్టుకుని మిక్స్ చేస్తే బేస్ ఉన్నదానికంటే ఎక్కువనిపిస్తుంది. పక్కన ఎవరో మాట్లాడితే వినపడేంత తక్కువలో పెట్టి బేస్, గొంతు లెక్క చూసుకుంటే చెవులూ బాగుంటాయి, తీర్పూ నిలకడగా ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక మళ్లీ కారు. చాలామంది కారులో పాట వింటూనే ఫోన్‌లో రాసుకుంటారు, ‘బేస్ పెంచాలి’ అని. అది తొందరపాటు. ముందు కారు స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నాకు, బ్యాలెన్స్ మధ్యకు తేవాలి, బేస్ బూస్ట్ లాంటివి ఆపాలి. ఆ కారులో బాగా మోగుతుందని తెలిసిన, ఇదే తరహా పాట ఒకటి తోడు తీసుకెళ్లాలి. రెండూ ఒకే దారిన మోగాలి, ఒకటి బ్లూటూత్‌లో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో అయితే పోలిక చెల్లదు. విడుదలైన పాట సాధారణంగా గట్టిగా ఉంటుంది కాబట్టి గొంతులు రెండింట్లో సమంగా వినిపించేలా వాల్యూమ్ సర్దుకోవాలి. లేదంటే గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది. ఇంజిన్ ఆపి ఒకసారి, ఎడమ సీటులో ఒకసారి, వేరేవాళ్లు నడుపుతుండగా రోడ్డు మీద ఒకసారి వినాలి. అప్పుడు రాసుకోవాల్సింది ‘బేస్ పెంచాలి’ అని కాదు, ‘తోడు పాటలో బేస్ స్వరం మారడం తెలుస్తోంది, మనదాంట్లో తెలియడం లేదు’ అని.

మన పాట విషయంలో ఈ రెండో విడత పరీక్షలో బేస్ నడక తెలిసింది, వంత పాట నిండింది, పల్లవి మాటలు అందాయి. ఒకటి మాత్రం మిగిలింది. చరణంలో బేస్ 62 హెర్ట్జ్ స్వరం మీదికి వెళ్లిన ప్రతిసారీ కారంతా ‘గుమ్’ అంటోంది. చేయి వెంటనే ఈక్వలైజర్ మీదికి పోతుంది, ఇక్కడ ఆగాలి. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా దాదాపు 2.8 మీటర్లున్న క్యాబిన్‌లో శబ్దం రెండు చివరల మధ్య నిలబడి ఊగే పౌనఃపున్యం లెక్క వేస్తే 61 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే ఇది ఆ కారు కొలతల్లోంచి వచ్చిన గుమగుమ కావచ్చు. తేల్చుకోవడం సులువే. తోడు పాట బేస్ ఆ స్వరాన్ని తాకినప్పుడు కూడా గుమ్మంటే తప్పు కారుది. వేరే కొలతల కారులో, ఇంకో పెద్ద బండిలో కూడా మన పాట ఒక్కటే అక్కడ గుమ్మంటే తప్పు మిక్స్‌ది, అప్పుడు ఆ ఒక్క స్వరాన్ని రెండు డెసిబెల్స్ దించాలి. స్నేహితుడి కారులో తోడు పాట కూడా గుమ్మంది. కాబట్టి ఆ స్వరాన్ని ముట్టుకోకుండా పాటను అలాగే ఎగుమతి చేశారు.